పవర్ బ్యాంక్ ప్రకటనల్లో కలగూరగంప: ఒక వీడియోకు ఒక్క మాట ఎందుకు చాలు

పవర్ బ్యాంక్ అమ్మే వ్యాపారి ప్రకటన తీయించాలనుకున్నప్పుడు వీడియో తీసేవారి చేతికి ముందుగా అందేది ఒక కాగితం. 10,000 ఎంఏహెచ్ సామర్థ్యం, 22.5 వాట్ల ఫాస్ట్ ఛార్జింగ్, టైప్-సి పోర్టు ఒకటి, మామూలు యూఎస్‌బీ పోర్టులు రెండు, లిథియం పాలిమర్ సెల్, పన్నెండు అంచెల రక్షణ, ఛార్జ్ శాతం చూపే చిన్న తెర, బరువు 220 గ్రాములు అని అందులో వరసగా రాసి ఉంటుంది. ఇరవై సెకన్ల వీడియోలోకి ఇవన్నీ వచ్చేస్తాయి. నల్లటి నేపథ్యం మీద పవర్ బ్యాంక్ గిర్రున తిరుగుతుంది. ఒక్కో అంకె ఒక్కో పక్కనుంచి దూసుకొచ్చి మాయమవుతుంది. వెనకనుంచి ఒక గొంతు గుక్క తిప్పుకోకుండా అన్నీ చదివేస్తుంది. దీనికి సమర్థనగా వినిపించే వాదన అందరికీ తెలిసిందే. డబ్బు పెట్టి తీస్తున్న ప్రకటన కాబట్టి వస్తువులో ఉన్న ప్రతి సుగుణాన్నీ చెప్పాలంటారు. ఎవరికి ఏది నచ్చుతుందో తెలియదు కాబట్టి ఏదీ వదలకూడదంటారు. వదిలేసిన ఆ ఒక్క మాట కోసమే చూస్తున్న మనిషి చేజారిపోతాడంటారు. పైకి ఇది ఎంతో జాగ్రత్తగల ఆలోచనలా కనిపిస్తుంది. కానీ ఇది తప్పు. అన్నీ చెప్పిన వీడియో చూసినవారి మనసులో ఏదీ నిలవదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. విడివిడిగా నిజమైన మాటలు ఒకే వీడియోలో పక్కపక్కన చేరినప్పుడు కలిసి అబద్ధం చెబుతాయి. అందుకే ఒక వీడియో ఒక్క ప్రయోజనమే చెప్పాలని, ఫీచర్ల కాగితంలోంచి ఆ ప్రయోజనాన్ని వెలికితీయడమే ప్రకటన రాసేవారి అసలు పని అని నా వాదన.

ముందు ఆ కాగితం స్వభావం చూడాలి. ఫీచర్ల పట్టిక పోల్చి చూసుకోవడానికి తయారైన పత్రం. దాన్ని చదివే మనిషి ఏదో ఒక ప్రశ్నతో వస్తాడు. తన ఫోన్‌కు సరిపోతుందా, బరువెంత, పోర్టులెన్ని అని తనకు కావలసిన గడి వెతుక్కుని మిగతావి వదిలేస్తాడు. ఎన్ని గడులున్నా అతనికి ఇబ్బంది లేదు, ఎందుకంటే ఏది చదవాలో నిర్ణయించేది అతనే. ప్రకటన చూసే మనిషి అలా రాడు. అతను పాట వినడానికో వంట వీడియో చూడడానికో వచ్చాడు. మధ్యలో మనం అడ్డుపడ్డాం. యూట్యూబ్‌లో దాటవేయగల ప్రకటనైతే ఐదు సెకన్లకే బటన్ అతని వేలి కిందకు వస్తుంది. రీల్స్‌లోనైతే ఆ ఐదు సెకన్లు ఆగాల్సిన పని కూడా లేదు. అతని మనసులో ప్రశ్నే లేనప్పుడు ఎనిమిది జవాబులు వరసగా వినిపించి ఏం లాభం? ముందు ప్రశ్న పుట్టించాలి, తర్వాత దానికి జవాబు చూపాలి. పదిహేను ఇరవై సెకన్లలో ఒక ప్రశ్నను పుట్టించి తీర్చడానికే సమయం సరిపోతుంది. రెండోదానికి చోటు ఉండదు.

ఎక్కువ చెబితే కనీసం నష్టమేమీ లేదు కదా, నచ్చింది గుర్తుపెట్టుకుంటారు, నచ్చనిది వదిలేస్తారు అనేవారున్నారు. మనిషి తీర్పు అలా పనిచేయదు. 1981లో రిచర్డ్ నిస్బెట్, ఆయన సహచరులు ఒక సంగతి నిరూపించారు. ఒక విషయం గురించి అంచనా వేయమని మనుషులను అడిగి, దానికి నిజంగా పనికొచ్చే సమాచారం ఇస్తే వారు గట్టి అంచనాకు వస్తారు. అదే సమాచారం పక్కన పనికిరాని వివరాలు కూడా చేర్చి ఇస్తే, మొదటి సమాచారం ఏమీ మారకపోయినా అంచనా మెత్తబడుతుంది. చిక్కటి పాలలో నీళ్లు పోసినట్టు, పనికొచ్చే మాట బలం పనికిరాని మాటల్లో కలిసి పలచబడుతుంది. పవర్ బ్యాంక్ విషయంలోనూ ఇంతే. రాత్రి ప్రయాణంలో ఫోన్ చచ్చిపోతుందని భయపడే మనిషికి అందులో ఒక ఫోన్‌కు నిండా సరిపడా ఛార్జ్ ఉందన్న మాట బలమైనది. దాని పక్కనే లిథియం పాలిమర్, పన్నెండు అంచెలు, మెరిసే తెర అని చేర్చితే ఆ బలం పెరగదు, తగ్గుతుంది. చేర్చిన ప్రతి మాటా తన చోటును అసలు మాట దగ్గరనుంచే తీసుకుంటుంది.

ఇప్పుడు నిజం సంగతికి వద్దాం. కాగితంలో మొదటి అంకెనే తీసుకుందాం. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, 5,000 ఎంఏహెచ్ ఫోన్. రెండుసార్లు నిండుతుందని చూడగానే ఎవరైనా లెక్కకడతారు, చాలా వీడియోలు చెప్పేదీ అదే. ఆ లెక్క తప్పు. పదివేలు అన్న అంకె లోపలి సెల్‌ది, దాని వోల్టేజి సుమారు 3.7. అంటే లోపలున్న శక్తి 37 వాట్-అవర్లు. ఫోన్‌కు పంపేటప్పుడు లోపలి సర్క్యూట్ ఆ వోల్టేజిని 5 దాకానో అంతకు పైకో పెంచాలి. ఆ పెంచడంలో కొంత శక్తి వేడిగా పోతుంది. అందుకే డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని మరో అంకె ఉంటుంది. పదివేల మోడళ్లలో అది తరచు 5 వోల్టుల దగ్గర ఆరువేల చుట్టుపక్కల కనిపిస్తుంది. ఆరువేలను ఐదు వోల్టులతో లెక్కిస్తే బయటికొచ్చేది 30 వాట్-అవర్లు. ఫోన్ కూడా ఛార్జ్ అవుతూ వేడెక్కుతుంది, అక్కడ మరో పదో వంతుకు పైగా పోతుంది. చివరికి ఫోన్ బ్యాటరీలోకి చేరేది 26 ప్రాంతం. ఐదువేల ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ 3.85 వోల్టుల దగ్గర పట్టేది 19 వాట్-అవర్లకు కాస్త పైన. ఒకసారి నిండుగా, ఆపైన మూడో వంతు. నిజం ఇంతే. రెండుసార్లు అని చెప్పిన ప్రకటన నమ్మి కొన్న మనిషి రెండోరోజు సాయంత్రానికే మోసపోయానని తెలుసుకుంటాడు. నాసిరకం సరుకు అని ఒక్క నక్షత్రం ఇచ్చి రాస్తాడు. నిజానికి సరుకులో లోపం లేదు, అంకెను అలాగే ప్రకటనలోకి ఎక్కించడంలో ఉంది. కాగితం మీది అంకెను ప్రయోజనంగా మార్చాలంటే ఈ లెక్క చేసి తీరాలి. ఎనిమిది అంకెలకు ఎనిమిది లెక్కలు చేసి, ఎనిమిదింటి ఫలితాన్నీ ఇరవై సెకన్లలో చూపడం ఎవరివల్లా కాదు. కాబట్టి లెక్క మానేసి అంకెలే చదువుతారు. కలగూరగంప ప్రకటనలో అబద్ధం చొరబడేది సరిగ్గా ఇక్కడే.

రెండో అబద్ధం ఇంకా సూక్ష్మమైనది. 22.5 వాట్ల వేగం నిజం. మూడు పోర్టులుండడమూ నిజం. ఒకే వీడియోలో వేగంగా ఛార్జ్ అవుతుంది, ఒకేసారి మూడు పరికరాలు పెట్టుకోవచ్చు అని వెంటవెంటనే చెబితే చూసేవారికి అర్థమయ్యేది మూడూ వేగంగా ఎక్కుతాయని. అది నిజం కాదు. ఆ వేగం ఒకే పోర్టు వాడినప్పటిది. రెండో కేబుల్ పెట్టగానే చాలా మోడళ్లు ఫాస్ట్ ఛార్జింగ్ ఆపేసి, అన్ని పోర్టులకూ కలిపి 5 వోల్టుల దగ్గర సుమారు 15 వాట్లు పంచుతాయి. పైగా ఆ 22.5 వాట్లు కూడా ఫోన్ ఆ పద్ధతిని అర్థం చేసుకున్నప్పుడే వస్తాయి. సొంత ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి వాడే ఫోన్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఇలాంటి పవర్ బ్యాంక్‌కు తగిలించగానే మామూలు వేగానికి పడిపోతాయి. కాగితంలో ప్రతి వరసకూ ఇలాంటి షరతు ఒకటి ఉంటుంది. ఒక వరస షరతు మరో వరస షరతుతో పొసగదు. పట్టికలో అవి వేర్వేరు గడుల్లో ఉన్నాయి కాబట్టి తగువు లేదు. వీడియోలో గడులుండవు, అన్నీ ఒకే కథగా చేరతాయి. ఆ కథ ఏ పవర్ బ్యాంకూ చేయలేని పనిని చేస్తానంటుంది.

దీనికి చట్టం వైపునుంచి కూడా ఒక ముడి ఉంది. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణకు మార్గదర్శకాలు నోటిఫై చేసింది. షరతుల వాక్యం ప్రకటనలో చెప్పిన మాటను వివరించవచ్చు గాని దాన్ని కాదనకూడదని, అది ఆ మాట ఏ భాషలో ఉందో అదే భాషలో ఉండాలని, అక్షరాలు స్పష్టంగా కనిపించాలని, మాట గొంతుతో చెబితే షరతు దానితోపాటే తెరమీదకు రావాలని అందులో ఉంది. తెలుగులో గడగడా చదివి, అడుగున ఇంగ్లిష్‌లో చీమతలకాయంత అక్షరాలతో షరతులు వేసే అలవాటు దీనిముందు నిలవదు. సామర్థ్యానికొక షరతు, వేగానికొక షరతు, పోర్టులకొక షరతు చొప్పున ప్రతిదాన్నీ తెలుగులో, చదవగలిగే సైజులో, ఆ మాట వినిపిస్తున్న క్షణంలోనే చూపించాలంటే ఇరవై సెకన్ల వీడియో మొత్తం షరతులతోనే నిండిపోతుంది. ఒక్క మాట చెప్పే వీడియోకు ఒక్క షరతు చాలు. దాన్ని తీరిగ్గా, నిజాయితీగా చూపించడానికి చోటుంటుంది.

మరి కాగితంలోంచి ఆ ఒక్క మాట ఎలా తీయాలి? 2001లో ఆపిల్ ఐపాడ్‌ను పరిచయం చేసినప్పుడు దానిలో ఉన్నది 5 జీబీ డిస్క్. దాని గురించి చెప్పింది మాత్రం జేబులో వెయ్యి పాటలని. ఐదు జీబీ వెయ్యి పాటలు కావడానికి వెనక ఒక లెక్క ఉంది, ఒక్కో పాట నాలుగు నిమిషాలు, 160 కేబీపీఎస్ నాణ్యత అనుకున్నారు. అంకెను మనిషి జీవితంలో జరిగే పనిగా మార్చడమంటే ఇదే. పవర్ బ్యాంక్‌కూ అదే దారి. కాగితంలోని ఒక వరస ఎదుట, ఇది ఎవరికి, ఏ రోజు, ఏ గంటలో పనికొస్తుందని రాసుకోవాలి. గంట దాకా వెళ్లకపోతే ప్రయోజనం అందదు. ప్రయాణికులకు పనికొస్తుంది అని రాస్తే అది ఇంకా ఫీచరే. సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లే రాత్రి రైల్లో, స్లీపర్ పెట్టెలో, పదకొండు దాటాక అని రాసినప్పుడు ప్రయోజనం కనిపించడం మొదలవుతుంది. రైళ్లలో రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపాలన్న నిబంధనను రైల్వే 2021లో గట్టిగా అమలుచేయాలనుకుంది. ఆ నిబంధన అమలైన పెట్టెలో బెర్తు పక్కన ప్లగ్గు ఉన్నా పనిచేయదు. టికెట్ ఫోన్‌లోనే ఉంది, దిగే స్టేషన్‌కు పెట్టుకున్న అలారం ఫోన్‌లోనే ఉంది, స్టేషన్ బయట ఆటో పిలవాల్సిందీ దానితోనే. తొమ్మిది శాతం మిగిలింది. ఈ స్థితి తెలిసినవాడికి చెప్పాల్సిన మాట ఒక్కటే: రైల్లో కరెంటు ఆపినా, తెల్లారేసరికి మీ ఫోన్ నిండి ఉంటుంది.

ఆ మాటను పదిహేను సెకన్లలో దగ్గరగా చూద్దాం. మొదటి మూడు సెకన్లలో చీకటి పెట్టె, నీలం రంగు బెర్తు, గోడ ప్లగ్గులో ఛార్జర్ పెట్టి ఉంది, ఫోన్ తెరమీద 11:20, తొమ్మిది శాతం, ఛార్జింగ్ గుర్తు లేదు. ప్రశ్న పుట్టింది, ఒక్క మాటా అవసరం కాలేదు. ధ్వని ఆపి చూసేవారికి కూడా అది అందుతుంది. తర్వాతి నాలుగు సెకన్లలో ప్లగ్గులోంచి కేబుల్ తీసి పవర్ బ్యాంక్‌కు పెట్టడం, ఛార్జింగ్ గుర్తు వెలగడం. ఆ తర్వాత కిటికీలో చీకటి పలచబడడం, అలారం మోగడం, తెరమీద 5:05, వంద శాతం. చివరి మూడు సెకన్లలో వస్తువు, పేరు, ఆ ఒక్క వాక్యం, దానికింద అంతే స్పష్టంగా తెలుగులో షరతు: ఐదువేల ఎంఏహెచ్ ఫోన్‌కు ఒకసారి పూర్తిగా. ఈ దృశ్యం తీసేటప్పుడు జరిగే తప్పు ఒకటుంది. అందంగా ఉంటుందని పవర్ బ్యాంక్‌ను దిండు కింద పెట్టి చూపిస్తారు. ఛార్జ్ అవుతున్నంతసేపూ అది వేడెక్కుతుంది, వేడి బయటికి పోయే దారి ఉండాలి. దిండు కింద, దుప్పటి మడతల్లో పెట్టడం ప్రమాదకరమైన అలవాటు, దాన్ని ప్రకటన నేర్పకూడదు. బెర్తు పక్కన వల సంచిలో, గాలి తగిలేచోట పెట్టి చూపాలి. ఒక్క ప్రయోజనానికి కట్టుబడినప్పుడు ఇలాంటి వివరాన్ని సరిచూసుకునే తీరిక దొరుకుతుంది.

ఈ వీడియోలో 22.5 వాట్లు ఎక్కడా లేదని గమనించాలి. అది మరిచిపోయి వదిలేసింది కాదు. పదకొండు నుంచి ఐదు దాకా ఆరు గంటల సమయం ఉంది. పది వాట్ల నిదానపు వేగంతోనైనా మూడు గంటల్లో ఫోన్ నిండుతుంది. ఈ మనిషికి వేగం అక్కర్లేదు. అతనికి అక్కర్లేని దాన్ని వినిపిస్తే అతనికి చెప్పే మాట పలచబడుతుంది. ఆ కాగితం నుంచే మరో వీడియో వేగం గురించి తీయవచ్చు. హైదరాబాద్‌లో రోజంతా బండి మీద తిరిగే డెలివరీ కుర్రాడి ఫోన్‌లో మ్యాప్ పొద్దుటినుంచి వెలుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం రద్దీ తగ్గి, సాయంత్రం రద్దీ మొదలయ్యేలోపు టీ కొట్టు దగ్గర దొరికేది అరగంట. ఫోన్‌కు సగటున 18 వాట్లు అందితే అరగంటలో 9 వాట్-అవర్లు వస్తాయి, వేడికి పోగా 8 మిగిలినా అతని బ్యాటరీలో నలభై శాతం. సాయంత్రం షిఫ్టుకు అది దారి చూపుతుంది. అయితే అది లెక్క మాత్రమే. ప్రకటనలో చెప్పే శాతం ఏ ఫోన్‌తో కొలిచారో ఆ ఫోన్‌దే అయి ఉండాలి, ఆ సంగతి తెరమీద చెప్పాలి. మూడో వీడియో రెండు పోర్టుల మీద తీయవచ్చు. ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చున్న అన్నాచెల్లెళ్ల రెండు ఫోన్లు ఒకే పవర్ బ్యాంక్‌కు ఉండవచ్చు. అక్కడ వేగం ఊసు ఎత్తకూడదు. 26 వాట్-అవర్లు ఇద్దరికీ సగం చేస్తే ఒక్కో ఫోన్‌కు మూడింట రెండొంతులు వస్తుంది, చెప్పాల్సింది అదే.

ఇక్కడ నా పక్షంలో ఉన్నామనుకునేవారిలోనే కొందరు చేసే తప్పును కూడా ఖండించాలి. ఒక వీడియోకు ఒక్క మాట అనగానే కాగితాన్ని వరసలుగా కత్తిరించి, ఒక్కో వరసకు ఒక్కో వీడియో తీస్తారు. పన్నెండు అంచెల రక్షణ మీద ఒకటి, లిథియం పాలిమర్ మీద ఒకటి. ఒక్క ప్రయోజనం అంటే ఒక్క ఫీచర్ అని అర్థం కాదు. రైలు వీడియోలో సామర్థ్యం ఉంది, వల సంచిలో పట్టే సన్నదనం ఉంది, ఫోన్ నిండడం చూపే తెర ఉండవచ్చు. ఇవి మూడు ఫీచర్లే, కానీ మూడూ ఒకే మాటకు సాక్ష్యాలు. సాక్షులు ఎందరైనా రావచ్చు, తీర్పు ఒక్కటే ఉండాలి. దానికి ఎదురుదిక్కు తప్పు, ఒక్క మాట పేరుతో గాలిమాట చెప్పడం. ఇక ఛార్జింగ్ చింతే ఉండదు, మీ జీవితంలో ఆగడమే లేదు లాంటి వాక్యాలు ఒక్క మాటే చెబుతున్నాయి, కానీ అందులో సరుకేమీ లేదు. గోడ గడియారంతోనో ఫోన్ తెరమీది శాతంతోనో చూపించలేని మాట ప్రయోజనం కాదు. ఇక పన్నెండు అంచెల రక్షణ సంగతి. ఆ అంచెలేమిటో, అవి లేకపోతే ఏమవుతుందో చూపించడానికి ప్రకటనలో వీల్లేదు. భద్రత గురించి అడిగే కొనుగోలుదారుకు అమ్మకపు పేజీలోనూ డబ్బా మీదా బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తుతో సహా వివరంగా చెప్పాలి, దాని చోటు అక్కడ.

ఇక అభ్యంతరాలు. మొదటిది డబ్బు గురించి. ఒక వీడియోకే కష్టమైతే మూడు ఎక్కడినుంచి తీస్తామంటారు. ఇది తోసిపుచ్చాల్సిన ప్రశ్న కాదు, చిన్న వ్యాపారికి నిజమైన ఇబ్బందే. కానీ ఒకే వీడియో తీయగల స్థితిలో ఉన్నవాడు అందులో ఎనిమిది మాటలు కుక్కితే అతనికి ఎనిమిది ప్రకటనలు దొరకవు, ఒక్కటి కూడా దొరకదు. ఒకే వీడియోకు డబ్బుంటే బలమైన ఒక్క ప్రయోజనాన్ని ఎంచుకుని అదే తీయాలి. పైగా ఖర్చు లెక్కలో ఎక్కువ భాగం తీయడంలో ఉండదు, దాన్ని జనం ముందు నిలబెట్టడంలో ఉంటుంది. పైన చెప్పిన మూడు దృశ్యాలూ ఒక ఫోన్, ఒక పవర్ బ్యాంక్, ఇద్దరు ముగ్గురు మనుషులతో ఒకే రోజు తీయదగినవే. తిరిగే వస్తువు, ఎగిరే అంకెల గ్రాఫిక్స్‌కు పెట్టే డబ్బు దీనికన్నా తక్కువేమీ కాదు.

రెండో అభ్యంతరం పరిశోధన వైపునుంచి వస్తుంది, అది నా వాదనకు నిజంగా ఎదురు నిలిచేది. సుజాన్ షు, కర్ట్ కార్ల్‌సన్ 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒప్పించాలనే ఉద్దేశం ఉందని తెలిసిన సందేశంలో మూడు మంచి మాటలు చెప్పినప్పుడు అభిప్రాయం అన్నిటికన్నా మెరుగ్గా ఉంది. నాలుగోది చేరగానే అనుమానం మొదలైంది. అంటే మూడు మంచిదే కదా, ఒక్కటే ఎందుకని అడగవచ్చు. ముందుగా, ఎనిమిది చెప్పేవారికి ఈ అధ్యయనం ఏ విధంగానూ ఆసరా కాదు. నాలుగో మాట దగ్గరే జనం వెనక్కి జరుగుతున్నారని అది చెబుతోంది. రెండోది, అక్కడ మనుషులు ఉత్పత్తుల గురించి రాసిన మాటలను చదివి అభిప్రాయం చెప్పారు, చదవమనే వారికి ఇచ్చారు. దాటవేయడానికి వేలు సిద్ధంగా ఉన్న వీడియో చూపరి స్థితి వేరు. మూడోది, పైన చెప్పినట్టు, ఒకే ప్రయోజనానికి మూడు సాక్ష్యాలు చూపడానికి నా అభ్యంతరం లేదు. ఆ అధ్యయనాన్ని గౌరవిస్తూనే, ఆ మూడూ ఒకే మనిషి ఒకే గంటకు సంబంధించినవై ఉండాలని నేనంటున్నాను. రైలు ప్రయాణికుడికి ఒకటి, డెలివరీ కుర్రాడికి ఒకటి, అన్నాచెల్లెళ్లకు ఒకటి కలిపితే అవి మూడు మాటలు కావు, ముగ్గురికి సగం సగం చెప్పిన మాటలు.

మూడోది, ఎలక్ట్రానిక్ వస్తువులు కొనేవారికి అంకెలే కావాలన్నది. కొనబోయే క్షణంలో కావాలి, నిజమే. రెండు పవర్ బ్యాంకులను పక్కపక్కన పెట్టుకుని తేల్చుకునేటప్పుడు వాట్లూ గ్రాములూ పోర్టులూ అన్నీ కావాలి, అప్పుడు ఎంత వివరమిచ్చినా ఎక్కువ కాదు. అమ్మకపు పేజీలో వచ్చే వీడియోకు, పది నిమిషాల సమీక్షకు, దుకాణదారులకు చూపే పరిచయానికి నా నియమం వర్తించదు, ఎందుకంటే అక్కడ చూసేవారు ప్రశ్నతోనే వచ్చారు. నా వాదన మనిషిని అక్కడిదాకా రప్పించే ప్రకటన గురించే. ఆ పేజీ తెరిచేదాకా అతనికి 22.5కూ 20కీ తేడా తెలియాల్సిన అవసరమే లేదు.

నాలుగోది నైతికమైనది. ఒక్కటే చెప్పి మిగతావి దాచడం మోసం కాదా అని కొందరు మనస్ఫూర్తిగానే అడుగుతారు. దాచడంలో రెండు రకాలున్నాయి. ఒక మాటకు ఉన్న షరతును దాచడం మోసం. వస్తువుకున్న ఇంకో మంచి గుణాన్ని ఈ వీడియోలో చెప్పకపోవడం మోసం కాదు, ఎవరికీ దానివల్ల నష్టం లేదు. ఒకసారి నిండుగా అనాల్సినచోట రెండుసార్లు అన్నవాడు కొనేవారి జేబుకు చిల్లుపెట్టాడు. పోర్టులెన్నో చెప్పనివాడు ఎవరినీ నష్టపరచలేదు. అన్నీ చెప్పే పద్ధతి మంచి గుణాలన్నీ చెప్పి షరతులన్నీ మింగుతుంది. ఒక్కటి చెప్పే పద్ధతి ఒక గుణం చెప్పి దాని షరతునూ చెబుతుంది. నిజాయితీ ఏ పక్షాన ఉందో తేలికగానే తెలుస్తుంది.

ఈ తగువును మాటలతోనే తేల్చాల్సిన పని లేదు, పరీక్షించవచ్చు. తయారైన వీడియోను ఆ వ్యాపారంతో సంబంధం లేని పదిమందికి ధ్వని లేకుండా ఒక్కసారి చూపించి, కాసేపు వేరే మాటల్లో పెట్టి, ఆ తర్వాత "ఇందాకటి దాంట్లో ఏం చెప్పారండీ?" అని అడగాలి. పదిమందీ ఒకే మాట చెబితే వీడియో పని చేసినట్టు. నలుగురు వేగమని, ముగ్గురు బరువని, ముగ్గురు ఏదో పవర్ బ్యాంక్ అని అంటే అందులో మాట లేనట్టు. తర్వాత రెండు మూడు వీడియోలను ఒకే రకం చూపరులకు, సమానమైన ఖర్చుతో నడిపి ఏది చూసి ఎక్కువమంది అమ్మకపు పేజీకి వచ్చి కొన్నారో చూడాలి. వీక్షణల సంఖ్య చూసి మురిసిపోకూడదు, కొనుగోలు దాకా వెళ్లినవారినే లెక్కించాలి. ఒక్కో వీడియో ఒక్కో మాట చెప్పినప్పుడు ఆ ఫలితం వ్యాపారికి ఒక సంగతి నేర్పుతుంది: తన సరుకు కొనేది రాత్రి ప్రయాణికుడా, బండి మీద తిరిగేవాడా అన్నది తెలుస్తుంది. అన్నీ కలిపిన వీడియో అమ్ముడుపోయినా పోకపోయినా ఎందుకో చెప్పదు. ఏ మాట వల్ల వచ్చారో, ఏ మాట విని వెళ్లిపోయారో విడదీసే దారి అందులో లేదు.

కాబట్టి చేతికందిన ఆ కాగితాన్ని వీడియో తీసేవారు అలాగే తెరమీదకు ఎక్కించకూడదు. ఒక్కో వరస పక్కన మనిషిని, గంటను, లెక్కను, షరతును రాసుకుని, ఆ నాలుగూ కుదిరిన వరసలను మాత్రమే ఉంచి, ఒక్కోదానికి ఒక్కో వీడియో రాయాలి. కుదరనివాటిని డబ్బా వెనక్కూ అమ్మకపు పేజీకీ పంపాలి. అలా చేసినప్పుడు కొన్న మనిషి విశాఖలో తెల్లవారుజామున దిగి ఫోన్ తీసి చూసుకుంటే, ప్రకటనలో చూసిన వంద శాతమే అతని తెరమీదా ఉంటుంది.